ఆరు నెలల తర్వాత ఏమిటి?

మా పిన్ని కూతురు రెండేళ్ల క్రితం మూడు ఆఫర్లు ఫోన్‌లో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. "అన్నయ్యా, నువ్వు ఇంటర్వ్యూలు చేస్తుంటావుగా, వీటిలో ఏది మంచిదో చూసి చెప్పు" అంది.

2010 నుంచి 2016 దాకా తను బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌కి టెస్టరు. చివరికి సీనియర్ టెస్ట్ ఇంజనీరు అయింది. పిల్లవాడు చిన్నవాడు, అదే సమయంలో అత్తగారికి పక్షవాతం. రాజీనామా చేసింది. అలా ఎనిమిదేళ్లు గడిచాయి.

మూడింటిలో మొదటిది ఒక పెద్ద కంపెనీ వాళ్ల రిటర్న్‌షిప్. డేటా అనలిటిక్స్‌లో ఆరు నెలలు, స్టైపెండు, చివర్లో "పనితీరును బట్టి" ఉద్యోగం. రెండోది నాలుగు నెలల రిటర్న్‌షిప్. పని టెస్టింగే, అదీ చెల్లింపుల యాప్ చేసే టీములో. మూడోది నేరుగా ఉద్యోగం. జీతం మిగతా రెండింటికన్నా ఎక్కువ, కానీ పేరోల్ ఒక కన్సల్టెన్సీది, షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు. చెల్లి మనసు మొదటిదాని మీదే ఉందని తను చెప్పకముందే తెలిసింది. కంపెనీ పేరు అలాంటిది మరి.

రిటర్న్‌షిప్ అనే మాట అమెరికాలో గోల్డ్‌మన్ శాక్స్ 2008లో వాడుకలోకి తెచ్చింది. అదే ఏడాది మన దేశంలో టాటా గ్రూపు, విరామం తీసుకున్న ఆడవాళ్ల కోసం సెకండ్ కెరీర్ ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టింది. ఒక ప్రాజెక్టు, సుమారు 500 గంటల పని, వీలునుబట్టి వేళలు. తర్వాత చాలా కంపెనీలు ఆ దారి పట్టాయి. ఇప్పుడు ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు దొరుకుతున్నాయి. ఒకదాని వెనక ఖాళీ కుర్చీ ఉంటుంది. ఫలానా టీములో మనిషి కావాలి, దానికి బడ్జెట్టు కేటాయించారు, మీరు సరిపోతారో లేదో నాలుగు నెలలు చూస్తారు. రెండోదాని వెనక కుర్చీ ఉండదు. ఇరవై మందిని బ్యాచ్‌గా తీసుకుంటారు, శిక్షణ ఇస్తారు, ఆఖర్న ఎక్కడైనా చోటు దొరికితే పంపుతారు. రెండో రకం మోసమని అనను. కానీ అక్కడ మీ కష్టం ఎంతున్నా ఆ త్రైమాసికంలో నియామకాలు ఆగిపోతే అంతే సంగతులు.

తేడా ప్రకటనలో కనబడదు, అడిగితే తెలుస్తుంది. "నువ్వొకసారి రిక్రూటర్‌కి ఫోన్ చెయ్యి, నేను పక్కనే ఉంటా" అన్నాను. ఏ టీములో వేస్తారు, ఆ మేనేజరుతో ముందే మాట్లాడొచ్చా? పోయిన బ్యాచ్‌లో ఎందరు చేరారు, ఎందరికి ఉద్యోగం ఇచ్చారు, ఏ గ్రేడులో? ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చేది ఎవరు, ఏ వారంలో? ఇవ్వకపోతే చేతికిచ్చే కాగితంలో ఏమని రాస్తారు? మొదటి కంపెనీ ఆవిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. టీము శిక్షణ అయ్యాక నిర్ణయిస్తారంది, పోయిన బ్యాచ్ లెక్కలు చెప్పే వీల్లేదంది. రెండో చోట మేనేజరే లైన్‌లోకి వచ్చాడు. "మా దగ్గర ఇద్దరు టెస్టర్లు వెళ్లిపోయారు. మీకు పాత పరిచయం ఉన్న పనే. ఆటోమేషన్ మాత్రం నేర్చుకోవాలి" అన్నాడు. నాకు ఆ మాట చాలు.

చెల్లికి చాలలేదు. "మళ్లీ టెస్టింగేనా అన్నయ్యా? అందరూ డేటా అంటున్నారుగా" అంది. తప్పు లేదు, ఆర్నెల్ల కోర్సు చేసి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకుంది. కానీ డేటాలో తన పోటీ ఇరవై రెండేళ్ల పిల్లలతో. అక్కడ తన ఆరేళ్ల అనుభవానికి విలువ కట్టేవాళ్లు లేరు. టెస్టింగ్‌లో టూల్స్ మారాయి, సెలీనియం దాటి ప్లేరైట్ దాకా వచ్చారు. కానీ లావాదేవీ మధ్యలో తెగిపోతే డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో, ఒకే చెల్లింపు రెండుసార్లు పడితే ఏం చూడాలో తను మర్చిపోలేదు. తిరిగొచ్చేవాళ్లు ఎంచుకునే పనిలో సగం పాతది, సగం కొత్తది ఉండాలని నా అభిప్రాయం. అంతా కొత్తదైతే మీరు ఫ్రెషర్, అంతా పాతదైతే మీకన్నా చవగ్గా చేసేవాళ్లున్నారు.

మూడో ఆఫర్‌ని జీతం వల్ల ఇంట్లోవాళ్లు ఇష్టపడ్డారు. రాత్రి పదకొండు దాకా అత్తగారిని పక్క మీద తిప్పేది ఎవరని అడిగాక ఇంకెవరూ ఆ ఊసెత్తలేదు. చివరికి చెల్లి రెండోదానికే ఒప్పుకుంది.

స్టైపెండు విషయంలో ఒక చిక్కుంది. దాన్ని శిక్షణ భత్యంగా చూపిస్తే చాలాచోట్ల పీఎఫ్ కట్టరు. చెల్లి 2016లో పీఎఫ్ డబ్బు తీసుకోలేదు, పుణ్యాత్మురాలు. ఆమె పింఛను పథకంలో ఆరేళ్ల సర్వీసు అలాగే ఉంది. నెలనెలా పింఛను రావాలంటే పదేళ్లు నిండాలి, అంటే ఇంకో నాలుగేళ్లు. అందుకే మొదటి రోజు నుంచే పీఎఫ్ కడతారా అని అడగమన్నాను. రెండో కంపెనీ కాలపరిమితి ఉద్యోగిగా తీసుకుంది, కడతామంది. తీరా యూఏఎన్ తెరవబోతే పాత ఫోన్ నంబరు, పెళ్లికి ముందు ఇంటిపేరు. సరిచేయించడానికి చాలా రోజులే పట్టింది. పాత కంపెనీ ఈలోగా ఇంకో కంపెనీలో కలిసిపోయింది, అనుభవ పత్రం ధ్రువీకరించేవాడు లేడు. అప్పుడు పీఎఫ్ పాస్‌బుక్కే అక్కరకొచ్చింది, ఫలానా కంపెనీలో ఫలానా నెలలు పనిచేసిందనడానికి. ఈ పనులు ఆఫర్ వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టకముందే మొదలెట్టాలి.

రెజ్యూమెలో ఆ ఎనిమిదేళ్లకి "గృహ నిర్వాహక అధికారి" అని రాయమని ఎవరో సలహా ఇచ్చారట. కొట్టేయించాను. "2016–2024: కుటుంబంలో పెద్దల, పిల్లల సంరక్షణ" అని ఒక్క వాక్యం. చదివేవాడికి కావలసింది తేదీలకు జవాబు, అంతే.

చేరడానికి మూడు వారాల ముందు చెల్లి ఒక పని చేసింది, అది నా ఆలోచన కాదు. రోజూ ఉదయం ఎనిమిదింటికి టిఫిన్ బాక్సుతో ఇంట్లోంచి బయటపడేది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం దాకా వెళ్లి, సాయంత్రం దాకా ఎక్కడో కూర్చుని ఆటోమేషన్ సాధన చేసి తిరిగొచ్చేది. నాలుగో రోజు అత్తగారిని చూసుకునే అటెండెంటు రాలేదు. ఆరో రోజు పిల్లవాడికి జ్వరం. రెండు రోజులూ బావగారు ఆఫీసు మానాల్సొచ్చింది. అప్పుడే రెండో అటెండెంటు నంబరు వెతికారు, మందుల చీటీ ఫ్రిజ్ మీద అంటించారు. నాలుగు నెలల రిటర్న్‌షిప్‌లో పనిదినాలు ఎనభై చిల్లర. అందులో ఐదు రోజులు ఇలా పోతే అది మేనేజరు గుర్తుంచుకునే లెక్క.

చేరాక రెండో వారానికల్లా లాప్‌టాప్, కోడ్ చూసే అనుమతి, ఒక పని అప్పగింత రావాలి. రాలేదంటే మీరు అతిథిగా ఉన్నట్టు. ఆరో వారానికి మీ పని ఏదో ఒక రిలీజ్‌లో ఉండాలి. ఎవరికీ అక్కర్లేని ప్రాజెక్టు అప్పగిస్తే దాని గొప్పదనాన్ని చివర్లో స్లైడుల్లో చూపించుకోవడం తప్ప ఏమీ మిగలదు. చెల్లికి అనుమతులు మూడో వారానికి వచ్చాయి, నేను అడగమని పోరగా పోరగా.

పదిహేనో వారంలో ఉద్యోగం ఇచ్చారు. సీనియర్ కాదు, ఒక మెట్టు కింద. తను ముఖం చిన్నబుచ్చుకుంది. నేనైతే ఒప్పేసుకోమన్నాను. తను ఇంకోటి చేసింది. ఆ మేనేజరు దగ్గరికి వెళ్లి, ఏడాది సమీక్షలో ఏయే పనులు చూపిస్తే సీనియర్ ఇస్తారో మెయిల్‌లో రాసిమ్మని అడిగింది. ఆయన నాలుగు వాక్యాలు రాసిచ్చాడు. ఆ మెయిల్ ప్రింటు ఇప్పుడు ఫ్రిజ్ మీద, అత్తగారి మందుల చీటీ పక్కనే ఉంది.