రివ్యూ లేని రోజుల్లో నమ్మకం సంపాదించేదెలా?

అప్‌వర్క్‌లోనో ఫైవర్‌లోనో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లందరికీ ఒకటే చిక్కు. రివ్యూ లేనిదే పని రాదు, పని చేయనిదే రివ్యూ రాదు. ఈ ముడి విప్పడానికి చాలామంది రేటు తగ్గించేస్తారు. కానీ ముక్కూమొహం తెలియని మనిషికి పని అప్పగించే క్లయింటు నాలుగు డాలర్లు మిగుల్తాయా అని ఆలోచించడు. పని చెడితే మళ్లీ మొదటినుంచి చేయించుకోవాలే, గడువు దాటిపోతుందే అని భయపడతాడు. రేటు తగ్గిస్తే ఆ భయం తగ్గదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

తొలి పని విలువ ఎంతో అమాండా పాలే అనే ఆర్థికవేత్త కొలిచి చూశారు. తర్వాత అప్‌వర్క్‌గా మారిన ఓడెస్క్‌లో డేటా ఎంట్రీ పనికి దరఖాస్తు చేసినవాళ్లలోంచి 952 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి, పని ఇచ్చి, అందరికీ కనిపించేలా అభిప్రాయం రాశారు. ఆ పని దొరకని దరఖాస్తుదారులతో పోలిస్తే వీళ్లకు ఆ తర్వాత పనులూ ఆదాయమూ బాగా పెరిగాయి. 2014లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఈ ఫలితాలు వచ్చాయి. లాటరీ తీశారు కాబట్టి తేడా నైపుణ్యంలో లేదు. ఒకరికి పని చేసిన ఆనవాలు ఉంది, ఇంకొకరికి లేదు, అంతే. ఆ ఆనవాలు మనమే ఎలా తయారు చేసుకోవచ్చో బత్తలపల్లిలో డిగ్రీ చదివిన ఒక అమ్మాయిని ఊహించుకుని చూద్దాం.

ఆమెకు ఫోటో ఎడిటింగ్ కొంత వచ్చు. ప్రొఫైల్‌లో లోగోలు, పోస్టర్లు, వీడియోలు అన్నీ చేస్తానని రాస్తే ఏ క్లయింటుకూ ఆమె తన మనిషిలా కనిపించదు. అందుకని ఒక్క పనే ఎంచుకోవాలి: ఆన్‌లైన్‌లో అమ్మే బట్టల ఫోటోలను శుభ్రం చేయడం. దీనికి కావలసిన సరుకు పక్కనే ఉంది. బస్సెక్కితే కాసేపట్లో ధర్మవరం. అక్కడ ఒక చిన్న పట్టుచీరల షాపుకు వెళ్లి, “అన్నా, మీ షాపులో మూడు చీరలు ఫోటో తీసుకుంటాను. బాగు చేసి మీకే ఇస్తాను, డబ్బులొద్దు. నా పని చూపించుకోడానికి ఆ ఫోటోలు వాడుకోవచ్చని మాత్రం వాట్సాప్‌లో ఒక మాట రాయండి” అని అడగొచ్చు. ఉచితంగా చేసేది ఇంతవరకే. మూడు చీరలు, రాతపూర్వకమైన అనుమతి.

ఏ మూడు చీరలన్నది ముఖ్యం. ఒక్కొక్కటి ఒక్కో కష్టాన్ని చూపాలి. మొదటిది ముదురు రంగు మీద జరీ అంచున్న చీర. ట్యూబ్‌లైటు కింద తీస్తే జరీ పచ్చగా పాలిపోతుంది. అందుకే పగటి వెలుతురులో, నీడపట్టున, చీర పక్కన తెల్లకాగితం పెట్టి తీయాలి. ఎడిటింగ్‌లో ఆ కాగితాన్ని ఆధారం చేసుకుని రంగు సరిచేయాలి. ఉచితంగా దొరికే గింప్ ఇందుకు చాలు. రెండోది కుచ్చులున్న చీర. వెనకభాగం తీసేసేటప్పుడు దారాలు తెగిపోవడమో, చుట్టూ సన్నని తెల్లగీత మిగలడమో జరుగుతుంది. తెల్లని నేపథ్యం మీద ఆ గీత కనబడదు. కాసేపు చీర కింద నల్ల లేయరు పెట్టి చూస్తే తప్పు బయటపడుతుంది. మూడోది మీగడరంగు చీర. తెలుపు మీద తెలుపు కలిసిపోయి అంచు మాయమవుతుంది. అంచు పొడవునా రంగును కొద్దిగా నిలిపి ఉంచడమే అక్కడి పనితనం.

కొలతలు కూడా క్లయింటువే వాడాలి. అమెజాన్‌లో ప్రధాన చిత్రానికి నేపథ్యం పూర్తి తెలుపు, అంటే 255, 255, 255 ఉండాలి. వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. జూమ్ పనిచేయాలంటే పొడవైన వైపు కనీసం 1000 పిక్సెళ్లు ఉండాలి. పోర్ట్‌ఫోలియోలో ముందు ఫోటో, తర్వాతి ఫోటో పక్కపక్కన పెట్టి, కింద రెండు వాక్యాలు రాయాలి: సమస్య ఏమిటి, ఏం చేశాను. ఇవి నమూనా కోసం చేసినవని అక్కడే చెప్పాలి. లేని క్లయింటును ఉన్నట్టు రాస్తే ఒక్క ప్రశ్నకే బయటపడిపోతుంది.

ఈ మూడింటికీ పట్టిన సమయం రాసి పెట్టుకుంటేనే రేటు తేలుతుంది. ఒక్కో ఫోటోకు 25 నిమిషాలు పట్టిందనుకుందాం. పది ఫోటోలకు నాలుగు గంటల పైచిలుకు. ఫైవర్ 20 శాతం కోసుకుంటుంది కాబట్టి 20 డాలర్లకు ఒప్పుకుంటే చేతికి 16 వస్తాయి. ఆ నాలుగు గంటలకు 16 డాలర్లు తనకు సరిపోతాయో లేదో ఒప్పుకోకముందే చూసుకోవాలి.

అప్‌వర్క్‌లో ప్రతి ప్రపోజల్‌కూ కనెక్ట్స్ ఖర్చవుతాయి. కాబట్టి కనిపించిన ప్రతిదానికీ పంపకూడదు. కొత్తగా పెట్టిన పని, పేమెంట్ వెరిఫై అయిన క్లయింటు, పది ఇరవై ఫోటోల చిన్న పని, ఈ మూడూ కలిసినచోటే ప్రయత్నించాలి. ప్రపోజల్స్ జాబితాలో మనం రాసినదాంట్లో క్లయింటుకు ముందుగా కనిపించేది మొదటి రెండు వాక్యాలే. అక్కడ మన చదువు గురించి రాస్తే అవకాశం పోతుంది. “మీరు జతచేసిన కుర్తాల్లో మూడోదానికి ఎడమవైపు పసుపు ఛాయ ఉంది, లేసు అంచు నేపథ్యంలో కలిసిపోతోంది. ఇలాంటి సమస్యే ఉన్న పట్టుచీరను నేను ఎలా సరిచేశానో చూడండి” అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాయాలి. తర్వాత హామీ: “ముందు రెండు ఫోటోలు పంపుతాను. రంగు మీకు నచ్చాకే మిగతా ఎనిమిదీ చేస్తాను. రెండుసార్లు మార్పులు ఇందులోనే కలిసి ఉంటాయి.” క్లయింటు భయం తగ్గేది ఇక్కడే. చెడితే రెండు ఫోటోల దగ్గరే తెలిసిపోతుందని అతనికి అర్థమవుతుంది.

స్పందన రాకపోతే ఎక్కడ ఆగిందో చూడాలి. ప్రపోజల్ తెరిచి చూడనే లేదంటే ఆలస్యంగా పంపి ఉంటారు, లేదా మొదటి వాక్యాలు బలహీనంగా ఉన్నాయి. చూసి వదిలేశారంటే నమూనా ఆ పనికి దగ్గరగా లేదు, లేదా రేటు పొసగలేదు. మాట్లాడి కూడా ఇవ్వలేదంటే పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీరు స్పష్టంగా చెప్పలేదన్నమాట. ఏది తప్పిందో దాన్నే మార్చాలి. మొత్తం ప్రొఫైల్‌ను తిరగరాసుకుంటూ కూర్చోవద్దు.

పని దొరికాక రెండు జాగ్రత్తలు. స్థిర ధర ఒప్పందంలో క్లయింటు మైల్‌స్టోన్ డబ్బు జమ చేశాకే మొదలుపెట్టాలి. పూర్తయిన పనిని ఆ మైల్‌స్టోన్ కిందే సమర్పించాలి. అప్పుడు క్లయింటు ఉలుకూపలుకూ లేకున్నా 14 రోజుల తర్వాత అప్‌వర్క్‌లో డబ్బు విడుదలవుతుంది. చాట్‌లో ఫైళ్లు పంపేసి ఊరుకుంటే ఆ గడియారం మొదలే కాదు. ఇక టెలిగ్రామ్‌కు రమ్మన్నా, ముందుగా డిపాజిట్ కట్టమన్నా అది పని కాదు, మోసం. వెంటనే ఆపేయాలి.

ఫైళ్లకు క్లయింటు వాడే కోడ్‌లే పేర్లుగా పెట్టి, గడువుకు ఒకరోజు ముందే ఇచ్చి, “మీ అభిప్రాయం నాలుగు మాటల్లో రాస్తే నాకు సాయం” అని ఒక్కసారి అడగొచ్చు. డిస్కౌంటు ఆశ చూపి రివ్యూ అడగడం మాత్రం నిబంధనలకు విరుద్ధం.

తొలి రివ్యూ వచ్చాక, క్లయింటు అనుమతిస్తే, మూడు నమూనాల్లో బలహీనమైనదాన్ని తీసేసి ఆ అసలు పనిని పెట్టాలి. తర్వాతి ప్రపోజల్‌లో రేటు కొద్దిగా పెంచాలి. ముందు రెండు ఫోటోలు చూపే పద్ధతిని మాత్రం మార్చొద్దు. రివ్యూ ఉన్నా లేకున్నా ప్రతి కొత్త క్లయింటుకూ మనం కొత్తవాళ్లమే.