ట్రయల్ బ్యాలెన్స్ కలవలేదా? తేడాని 9తో భాగించి చూడండి



11వ తరగతి కామర్స్ పిల్లలు ఈ రోజుల్లో నోట్‌బుక్ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి "టోటల్ రావడం లేదు" అని ఇంట్లోవాళ్లకో, ఫ్రెండ్స్‌కో పంపుతుంటారు. ఆ ఫోటో మీ దగ్గరికి వస్తే, మీరు కామర్స్ చదవకపోయినా సాయం చేయవచ్చు. కావలసింది కూడిక, తీసివేత, 9తో భాగహారం.

ట్రయల్ బ్యాలెన్స్ అంటే లెడ్జర్‌లోని ఖాతాల నిల్వలన్నీ ఒకచోట రాసిన పట్టిక. తెలుగు మీడియంలో చదివినవారికి ఇది 'అంకణా'గా గుర్తుంటుంది. ప్రతి లావాదేవీని ఒక చోట డెబిట్, మరో చోట క్రెడిట్ రాస్తాం కాబట్టి, రెండు వైపుల మొత్తాలు సమానం కావాలి. ఒక చిన్న షాపు లెక్కను మార్చి 31 నాటికి ఒక విద్యార్థి ఇలా రాశాడనుకుందాం.

డెబిట్ వైపు:
క్యాష్ 12,400
బ్యాంక్ 38,650
డెటర్స్ 27,300
ఫర్నిచర్ 45,000
ఓపెనింగ్ స్టాక్ 31,200
కొనుగోళ్లు 1,84,500
జీతాలు 36,000
అద్దె 24,000
మొత్తం 3,99,050

క్రెడిట్ వైపు:
క్యాపిటల్ 1,20,000
క్రెడిటర్స్ 38,350
అమ్మకాలు 2,43,600
వచ్చిన డిస్కౌంట్ 1,600
మొత్తం 4,03,550

తేడా 4,500. క్రెడిట్ వైపు ఎక్కువగా ఉంది.

మొదట ఫోటోని నమ్మకండి

తప్పు వెతికే ముందు ఫోటోని పెద్దది చేసి ప్రతి అంకెనీ చదవండి. వంకరగా తీసిన ఫోటోలో కుడివైపు చివరి సున్నా తెగిపోతుంది. నీడ పడితే 3 కాస్తా 8లా, 1 కాస్తా 7లా కనిపిస్తుంది. ఆ తర్వాత రెండు వైపులా మీరే కూడండి, ఒకసారి పై నుంచి కిందికి, ఇంకోసారి కింది నుంచి పైకి. పిల్లలు రాసిన మొత్తాన్ని అలాగే తీసుకోవద్దు, ఎందుకంటే చాలాసార్లు తప్పు కూడికలోనే ఉంటుంది.

ఒక్క అంకెను తప్పు చదివితే తేడా సాధారణంగా 50, 500, 6,000 లాంటి సంఖ్యగా వస్తుంది, అంటే ఒక అంకె, దాని వెనుక సున్నాలు. మన తేడా 4,500 అలా లేదు.

9 ఏం చెబుతుంది?

83 రాయాల్సిన చోట 38 రాశామనుకోండి. 8 పదుల స్థానం నుంచి ఒకట్ల స్థానానికి దిగింది, అంటే 80 కాస్తా 8 అయి 72 తగ్గింది. 3 ఒకట్ల నుంచి పదుల స్థానానికి ఎక్కింది, అంటే 30 అయి 27 పెరిగింది. 72, 27 రెండూ 9 గుణిజాలే. అందుకే నికర తేడా 45 కూడా 9తో భాగం పోతుంది. ఏ రెండు అంకెలు తారుమారైనా ఇలాగే జరుగుతుంది.

4,500ని 9తో భాగిస్తే శేషం లేకుండా 500 వస్తుంది. అంటే అంకెలు తారుమారై ఉండే అవకాశం ఉంది. ఈ 500 మనకు ఇంకో రెండు విషయాలు చెబుతుంది. మొదటి అంకె 5 కాబట్టి తారుమారైన రెండు అంకెల మధ్య తేడా 5. రెండు సున్నాలున్నాయి కాబట్టి మార్పు జరిగింది వందలు, వేల స్థానాల మధ్య.

ఇప్పుడు వెతకడం సులువు

పన్నెండు ఖాతాల్లో వేల అంకె, వందల అంకె పక్కపక్కనే చూసుకుంటూ వెళ్లండి. వాటి మధ్య తేడా 5 ఉన్నవి మూడే: ఫర్నిచర్ 45,000లో 5, 0, క్రెడిటర్స్ 38,350లో 8, 3, డిస్కౌంట్ 1,600లో 1, 6.

ఈ మూడింట్లో ఏది? క్రెడిట్ వైపు ఎక్కువగా ఉంది కాబట్టి, క్రెడిట్‌లో ఒక సంఖ్య పెరిగి ఉండాలి, లేదా డెబిట్‌లో ఒకటి తగ్గి ఉండాలి. ఫర్నిచర్ అంకెలు తిప్పితే 40,500 అవుతుంది, డెబిట్ ఇంకా తగ్గుతుంది. డిస్కౌంట్ తిప్పితే 6,100 అవుతుంది, క్రెడిట్ ఇంకా పెరుగుతుంది. రెండూ తేడాని పెంచేవే కాబట్టి వదిలేయవచ్చు. క్రెడిటర్స్ తిప్పితే 33,850. క్రెడిట్ మొత్తం 3,99,050కి దిగి డెబిట్‌తో సరిపోతుంది.

ఇక్కడే ఆగి అంకెలు దిద్దేయకూడదు. ఇప్పటికి మన దగ్గర ఉన్నది అనుమానం మాత్రమే. పిల్లల చేత లెడ్జర్‌లో క్రెడిటర్స్ పేజీ తెరిపించండి. అక్కడ నిల్వ 33,850 ఉంటే, పట్టికలోకి ఎక్కించేటప్పుడు తప్పు జరిగిందన్నమాట. అక్కడ కూడా 38,350 ఉంటే, లెడ్జర్ నుంచి జర్నల్ దాకా వెనక్కి వెళ్లి చూడాలి. పేజీ చూడకుండా టోటల్ కోసం సంఖ్య మార్చినా, 'సస్పెన్స్' అని 4,500 రాసి మూసేసినా, తప్పు అలాగే మిగిలిపోతుంది. నిజమైన షాపులో అయితే సరుకు ఇచ్చినవాళ్లకు 4,500 రూపాయలు ఎక్కువ బాకీ ఉన్నట్టు చూపిస్తుంది.

9తో భాగం పోకపోతే

తేడాని సగం చేయండి. ఆ సగం మొత్తం పట్టికలో ఎక్కడైనా కనిపిస్తే, ఆ ఖాతాని తప్పు వైపు రాసి ఉండవచ్చు. ఉదాహరణకు 1,600 డిస్కౌంట్‌ని డెబిట్‌లో రాస్తే తేడా 3,200 వస్తుంది. సగం కూడా కనిపించకపోతే, తేడాకి సరిగ్గా సమానమైన నిల్వ ఉన్న ఖాతా లెడ్జర్‌లో మిగిలిపోయిందేమో చూడండి.

9తో భాగం పోయినా తారుమారే అని ఖాయం కాదు. సున్నా జారిపోయినా అదే జరుగుతుంది: 5,000ని 500 అని రాస్తే తేడా 4,500, అదీ 9 గుణిజమే. మన పట్టికలో 500 గానీ 5,000 గానీ లేవు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. రెండు వేర్వేరు తప్పులు కలిసి యాదృచ్ఛికంగా 9 గుణిజం రావడమూ ఉంది. అలాంటప్పుడు లెడ్జర్‌తో ఒక్కో ఖాతాని టిక్ చేసుకుంటూ వెళ్లడమే దారి.

చివరగా ఒక విషయం. రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని అర్థం కాదు. 7,200 బిల్లును జర్నల్‌లోనే 2,700 అని రాస్తే, డెబిట్‌లోకీ క్రెడిట్‌లోకీ అదే తప్పు సంఖ్య వెళ్తుంది. మొత్తాలు చక్కగా కలుస్తాయి, తేడా సున్నా వస్తుంది, 9కి పని ఉండదు. అలాంటి తప్పు బిల్లును పక్కన పెట్టుకుని జర్నల్ చూసినప్పుడే బయటపడుతుంది. అందుకే పిల్లలు "టోటల్ వచ్చేసింది" అన్నప్పుడు, ప్రశ్నలోని సంఖ్యలతో జర్నల్‌ని ఒకసారి సరిచూశారా అని అడగండి.