పబ్లిక్ ఇష్యూలో ‘ప్రత్యేక కోటా’: లిస్టింగ్ లాభానికి హామీ ఉంటుందా?

పాల్వంచ: పబ్లిక్ ఇష్యూలలో సంస్థాగత కోటా షేర్లు ఇప్పిస్తామని, లిస్టింగ్ నాడే లాభం ఖాయమని చెప్పే ట్రేడింగ్ యాప్‌లు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా వర్తకుల ఫోన్లకు చేరుతున్నవి. ఇటువంటి యాప్‌లపై సెబీ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక చేసింది. షేర్ల వ్యాపారంలో వ్యక్తులకు ‘సంస్థాగత ఖాతా’ అనే సదుపాయమే లేదని స్పష్టపరిచింది.

అయితే కోటాలు అసలే లేవని కాదు. ఉన్నవి ప్రాస్పెక్టస్‌లో అచ్చయి ఉంటవి. 2022 మే నెలలో ఎల్‌ఐసీ ఇష్యూలో పాలసీదారులకు ప్రత్యేక భాగం కేటాయించారు. ఇష్యూ ధర రూ. 949 కాగా, వారికి రూ. 60 తగ్గించి రూ. 889కే ఇచ్చారు. లిస్టింగ్ నాడు బొంబాయి ఎక్స్ఛేంజిలో ధర రూ. 867.20 వద్ద ప్రారంభమైంది. 15 షేర్ల లాటుకు రూ. 13,335 పెట్టిన పాలసీదారు ఆ ధరకు అమ్మితే రూ. 327 నష్టం. నిజమైన కోటాకే లాభం హామీ లేదన్నమాట.

యాంకర్ కోటా ఇప్పిస్తామనే మాట మరీ విడ్డూరం. ఆ కోటా పెద్ద సంస్థలది. అందులో వచ్చిన షేర్లలో సగం 30 రోజులు, మిగతా సగం 90 రోజులు అమ్మరాదు. లిస్టింగ్ నాడు లాభం తీసుకొనే దారే అక్కడ లేదు.

యాప్ వాడుక ఇలా ఉంటుంది. ఒక వ్యాపారి రూ. 15,000 విలువగల ఒక లాటు అడిగాడనుకుందాం. నలభై లాట్లు వచ్చినవని తెరపై చూపి, మిగతా రూ. 5,85,000 కట్టకపోతే ఖాతా స్తంభింపజేస్తామంటారు. అడిగినదానికి మించి కేటాయించడం ఏ ఇష్యూలోనూ జరగదు. గిరాకీ అధికమైతే చిల్లర మదుపుదారుకు లాటరీలో ఒక్క లాటు దక్కడమే గగనం. డబ్బు కట్టినాక తెరపై లాభం పెరుగుతుంది. తీసుకోబోతే పన్ను, కమీషన్ అంటూ మళ్లీ డబ్బు అడుగుతారు.

తేడా తెలుసుకొనే గుర్తు డబ్బు ఎక్కడున్నదనేదే. అసలైన దరఖాస్తులో, బ్యాంకు ద్వారా చేసినా యూపీఐ ద్వారా చేసినా, సొమ్ము మదుపుదారు ఖాతాలోనే నిలిపి ఉంచుతారు. షేర్లు దక్కితేనే ఖాతా దాటుతుంది, లేకుంటే నిలుపుదల తొలగుతుంది. కాటా కాకముందే ముక్కూమొహం తెలియని వాని ఖాతాకు సరకు సొమ్ము పంపే వర్తకుడు ఉండడు. షేర్ల విషయంలోనూ అదే పద్ధతి. కేటాయింపు నిజమో కాదో ఇష్యూ రిజిస్ట్రారు వెబ్‌సైటులో పాన్ నంబరుతో చూసుకోవచ్చు. షేర్లు చేరినదీ లేనిదీ డిపాజిటరీ పంపే డీమ్యాట్ స్టేట్‌మెంటులో తెలుస్తుంది, యాప్ తెర మీద కాదు.

సొమ్ము ఇప్పటికే పంపినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయవలెను. అది చేతులు మారకముందే నిలిపివేయించే అవకాశం మొదటి గంటలలోనే ఎక్కువ.