విగ్‌ని పట్టిచ్చేది నుదుటి అంచే

ప్రశ్న: కీమో తర్వాత విగ్ పెట్టుకుంటున్నాను. అద్దంలో బాగానే ఉంటుంది, చెల్లి పెళ్లి ఫొటోలో మాత్రం తెలిసిపోతోంది. ఎందుకు?

జవాబు: మీరు పంపిన ఫొటో చూశాను. రంగు బాగా కుదిరింది. కనుబొమ్మల కంటే కాస్త ముదురుగా ఉంది, ఫ్లాష్ పడినా నీలిగా మెరవలేదు. తేడా నుదుటి దగ్గరే ఉంది. సొంత జుట్టు అక్కడ ఒక్కసారిగా మొదలవదు. ముందు పొట్టి, సన్నని వెంట్రుకలు పలచగా ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ ఒత్తవుతుంది. మీ విగ్ అంచు మొదటి వరస నుంచే ఒత్తుగా, గీత గీసినట్టు ఉంది. అద్దంలో మీరు కదులుతుంటారు కనుక ఇది కంటపడదు, ఫొటోలో చూపు అక్కడే ఆగుతుంది.

విగ్‌ని స్టాండుకు పెట్టి, అంచుకు కాస్త వెనక నుంచి ట్వీజర్‌తో ఒక్కొక్క వెంట్రుకే, అక్కడొకటి ఇక్కడొకటి తీయండి. ఒకేచోట లాగితే లేసు బోసిపోతుంది, మళ్లీ మొలవదు. పాపిటలో కనిపించే నల్లచుక్కలు ముడులు. మీ చర్మం రంగు పౌడరు అద్దితే మరుగవుతాయి. ఆ తర్వాత ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన నిలబడి ఇంకో ఫొటో తీసి పోల్చుకోండి.