బిల్ ఫోటో చాట్‌బాట్‌కి ఇస్తున్నారా? టేబుల్ కాదు, ముందు టోటల్ చూడండి

మా రూమ్‌లో నలుగురం ఉంటాం. నెల సరుకులకి ఒకరు డబ్బులు కట్టేస్తారు, తర్వాత నాలుగు వాటాలు వేసుకుంటాం. పోయిన నెల కట్టింది నేను. కిరాణా షాపాయన చేత్తో రాసిచ్చిన చీటీని ఫోటో తీసి ఒక చాట్‌బాట్‌కి ఇచ్చా. పది సెకన్లలో నీట్‌గా టేబుల్ వచ్చింది. టోటల్ 810, తలా 202.50. గ్రూప్‌లో పెట్టేద్దామనుకుంటూ ఎందుకో చీటీ వైపు చూశా. కింద 870 అని ఉంది!

చీటీలో ఉన్నవి ఇవి: కందిపప్పు రెండు కేజీలు 310, పంచదార మూడు కేజీలు 135, నూనె లీటర్ 160, ఎండుమిర్చి అర కేజీ 170, చింతపండు 95. కూడితే 870, అంటే షాపాయన లెక్క కరెక్టే. చాట్‌బాట్ మాత్రం ఎండుమిర్చి దగ్గర 170ని 110 అని చదివింది. ఆయన 7కి పైన గీత చిన్నగా వేస్తాడు, చూస్తే 1 లాగే ఉంటుంది.

ఒక అంకె తప్పు చదవడం పెద్ద విషయం కాదు, మనమూ చదువుతాం. అసలు సమస్య టోటల్‌ది. చీటీలో 870 అని స్పష్టంగా ఉన్నా, టేబుల్‌లో 810 వచ్చింది. అంటే పై వరసలకి సరిపోయేలా టోటల్ కూడా మారిపోయింది! టేబుల్‌ని మాత్రమే కూడి చూస్తే తప్పు ఎప్పటికీ దొరకదు. ముగ్గురి దగ్గర 607.50 తీసుకుని ఊరుకునేవాణ్ణి, రావాల్సింది 652.50. నా జేబుకి 45 రూపాయల చిల్లు.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మొదటి కారణం ఫోటో సైజ్. మన ఫోన్ 12 మెగాపిక్సెల్ ఫోటో దాదాపు 4032 × 3024 పిక్సెల్స్ ఉంటుంది. చాట్‌బాట్ వెనకున్న మోడల్ దాన్ని అలాగే చూడదు, ముందు కుదిస్తుంది. ఉదాహరణకి జీపీటీ-4ఓ గురించి ఓపెన్ఏఐ డెవలపర్లకి ఇచ్చిన వివరాల ప్రకారం, హై డీటెయిల్ మోడ్‌లో కూడా ఫోటో చిన్న వైపు 768 పిక్సెల్స్‌కి తగ్గుతుంది. అంటే మన ఫోటో 1024 × 768 అవుతుంది. వేరే మోడల్స్‌లో ఈ నంబర్లు వేరుగా ఉంటాయి, కానీ ఏదో ఒక హద్దు ఉంటుంది.

ఇప్పుడు 40 సెంటీమీటర్ల పొడవైన సూపర్ మార్కెట్ బిల్‌ని ఒకే ఫోటోలో పట్టించారనుకోండి. 1024 పిక్సెల్స్‌లో 40 సెంటీమీటర్లు, అంటే సెంటీమీటర్‌కి సుమారు 25 పిక్సెల్స్. రెండున్నర మిల్లీమీటర్ల అంకెకి దక్కేది ఆరు పిక్సెల్సే. ఆరు పిక్సెల్స్ ఎత్తులో 3, 8, 6 ఎంత తేడాగా కనిపిస్తాయో ఊహించుకోండి. పాయింట్ అయితే పూర్తిగా మాయమైపోవచ్చు. మీ ఫోన్‌లో జూమ్ చేస్తే అంతా క్లియర్‌గా ఉంటుంది కాబట్టి తప్పు ఫోటోది కాదనిపిస్తుంది. కానీ మీరు చూసే ఫోటో వేరు, మోడల్‌కి చేరే ఫోటో వేరు.

రెండో కారణం, ఇది చదవడం కంటే ఊహించడానికి దగ్గర. మోడల్ జవాబుని ఎడమ నుంచి కుడికి ముక్క ముక్కగా రాస్తుంది. ప్రతి ముక్క దగ్గరా ఫోటోలో కనిపించేదానితో పాటు, అప్పటిదాకా తను రాసింది కూడా ప్రభావం చూపిస్తుంది. ఎండుమిర్చి అర కేజీ 110 అన్నా నమ్మేలానే ఉంది, 170 అన్నా నమ్మేలానే ఉంది. ఒకసారి 110 అని రాసేశాక, ఆ వరసల కింద ఇమిడిపోయే టోటల్ 810. పాత స్కానర్ సాఫ్ట్‌వేర్ తప్పు చదివితే కొన్నిసార్లు "1?0" లాంటి పిచ్చి గుర్తులు వచ్చేవి, అప్పుడు వెంటనే తెలిసిపోయేది. ఇక్కడ తప్పు కూడా ఒప్పులాగే నీట్‌గా ఉంటుంది.

మరి ఎలా పట్టుకోవాలి?

ఫోటో దగ్గర మొదలుపెట్టండి. పొడవు బిల్‌ని రెండు మూడు ఫోటోలుగా తీయండి, ఒక్కో దాంట్లో పక్క ఫోటోలోని ఒకటి రెండు వరసలు కలిసేలా. పైన 40 సెంటీమీటర్ల బిల్‌ని రెండుగా తీస్తే ప్రతి అంకెకి దాదాపు రెట్టింపు ఎత్తు దక్కుతుంది. చుట్టూ ఉన్న టేబుల్, దుప్పటి క్రాప్ చేసేయండి.

తర్వాత అడిగే పద్ధతి. "ఈ నెల ఖర్చు ఎంత" అని నేరుగా అడగొద్దు. "ప్రతి వరసనీ ఉన్నది ఉన్నట్టు రాయి. కింద రాసిన టోటల్‌ని కూడా కూడకుండా అలాగే రాయి. చదవలేని అంకె దగ్గర ? పెట్టు" అని అడగండి. ఇది గ్యారంటీ కాదు, ఎందుకంటే 110 దగ్గర దానికి అనుమానమే లేదు. అనుమానం లేని చోట ? రాదు.

అందుకే చివరి చెక్ మీదే. టేబుల్ వరసల్ని కాలిక్యులేటర్‌లో కూడి, కాగితం మీదున్న టోటల్‌తో పోల్చండి. టేబుల్‌లో ఉన్న టోటల్‌తో కాదు. తేడా వస్తే ఆ తేడానే క్లూ ఇస్తుంది. నాకొచ్చిన తేడా 60. 1కి, 7కి మధ్య తేడా 6 కాబట్టి, పదుల స్థానంలో 1 ఉన్న వరసని ముందు చూడాలి. టేబుల్‌లో అలాంటివి రెండే: కందిపప్పు 310, ఎండుమిర్చి 110. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారయ్యాయేమో (54 బదులు 45), పాయింట్ ఎగిరిపోయిందేమో (45.00 బదులు 4500) చూడండి. ఇది అకౌంటెంట్ల పాత ట్రిక్.

అదే చాట్‌లో "సరిగ్గా చూశావా" అని అడగడం వల్ల పెద్దగా లాభం లేదు, పాత జవాబు దాని ముందే ఉంటుంది. ఆ ఒక్క వరసని క్రాప్ చేసి కొత్త చాట్‌లో ఇవ్వండి. నేను అలా ఇస్తే 170 వచ్చింది.

టోటల్ లేని కాగితం సంగతి?

ఇదంతా పనిచేసింది ఒకే కారణం వల్ల: బిల్ తన తప్పుని తనే పట్టిస్తుంది. కానీ టోటల్ పట్టించేది రేట్లనే. అర కేజీని ఒక కేజీ అని చదివినా, చింతపండుని ఇంకోటి అని చదివినా టోటల్ మారదు.

డాక్టర్ చేత్తో రాసిన మందుల చీటీకి అసలు టోటలే ఉండదు. 0.5 అన్నది 5 అయినా, రోజుకి ఒకసారి అన్నది రెండుసార్లు అయినా, కూడి చూసుకోవడానికి ఏమీ లేదు. మందుల పేర్లు మనుషుల్నే తికమక పెడతాయి. అమెరికాలో లోసెక్ అనే ఎసిడిటీ మందుని, ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్ అనుకుని పొరబడుతున్నారని, 1990లో దాని పేరునే ప్రైలోసెక్‌గా మార్చారు. చేతిరాతలో సగం అక్షరాలు చూసి, మిగతాది ఊహించి, నీట్‌గా టైప్ చేసి ఇచ్చే టూల్‌కి ఇంతకంటే ప్రమాదమైన కాగితం ఉండదు. అమ్మమ్మ మందుల చీటీ అర్థం కాకపోతే ఫోటో పంపాల్సింది చాట్‌బాట్‌కి కాదు, రాసిన డాక్టర్ క్లినిక్‌కి.

కాబట్టి ఫోటో అప్‌లోడ్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది తప్పు చదివితే నాకు తెలిసే దారి ఈ కాగితం మీద ఉందా? ఉంటే ధైర్యంగా వాడండి, చాలా టైమ్ కలిసొస్తుంది. లేకపోతే దాని జవాబుని నమ్మి ఏ పనీ చేయొద్దు. మా రూమ్‌లో ఇప్పుడు రూల్ ఒకటే: గ్రూప్‌లో టేబుల్ పెట్టేవాళ్ళు చీటీ ఫోటో కూడా పెట్టాలి.