తెల్లనివన్నీ పాలు కావు: ఆస్పిరిన్‌కు రెండు పరీక్షలు

తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్‌ను మేము కెమిస్ట్రీ ల్యాబులో తయారుచేశాం. చేయడం ఒక ఎత్తు, అది శుద్ధమైనదా అని తేల్చుకోవడం ఇంకో ఎత్తు.

బాగా ఆరిన ఫ్లాస్కులో 2 గ్రాముల శాలిసిలిక్ ఆమ్లం, 5 మిల్లీలీటర్ల ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వేసి, 5 చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపాం. ఎన్‌హైడ్రైడ్ ఆవిరి కళ్ళను మండిస్తుంది, కాబట్టి ఈ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. పావుగంట వేడినీళ్ళలో ఉంచి, చల్లార్చి, ఐసునీళ్ళు పోస్తే తెల్లని స్ఫటికాలు దిగాయి. వడగట్టి ఆరబెడితే 2.2 గ్రాములు వచ్చాయి. 138 గ్రాముల శాలిసిలిక్ ఆమ్లం 180 గ్రాముల ఆస్పిరిన్ ఇవ్వాలి. ఆ లెక్కన మాకు రావలసింది 2.6 గ్రాములు.

చూడ్డానికి మల్లెపువ్వులా ఉంది. కానీ శాలిసిలిక్ ఆమ్లం కూడా తెలుపే కదా! మారకుండా మిగిలిపోయిన ఆమ్లాన్ని కన్ను పట్టుకోలేదు. ఫెర్రిక్ క్లోరైడ్ పట్టుకుంటుంది.

శాలిసిలిక్ ఆమ్లంలో బెంజీన్ వలయానికి అంటుకుని ఒక ఓహెచ్ గుంపు ఉంటుంది. దానితో ఇనుము కలిస్తే ఊదారంగు వస్తుంది. ఆస్పిరిన్‌లో ఆ ఓహెచ్‌ను ఎసిటైల్ గుంపు కప్పేస్తుంది, కనుక రంగు రాదు. మూడు పరీక్షనాళికల్లో కొద్దిగా ఆల్కహాలు పోసి, ఒకదానిలో శాలిసిలిక్ ఆమ్లం, ఒకదానిలో మా స్ఫటికాలు చిటికెడు వేశాం. మూడోది ఖాళీ ఆల్కహాలే. అన్నిటిలో రెండేసి చుక్కల ఫెర్రిక్ క్లోరైడ్ వేశాం. మొదటిది ముదురు ఊదా, మూడోది లేత పసుపు. మాది లేత ఊదా! అంటే ఆమ్లం ఇంకా మిగిలే ఉంది.

అప్పుడు స్ఫటికాలను కొద్దిపాటి వేడి ఆల్కహాలులో కరిగించి, గోరువెచ్చని నీళ్ళలో పోసి, మెల్లగా చల్లారనిచ్చాం. ఇక్కడ ఎక్కువసేపు మరిగించకూడదు. వేడినీళ్ళలో ఆస్పిరిన్ విడిపోయి మళ్ళీ శాలిసిలిక్ ఆమ్లమే అవుతుంది. ఈసారి దక్కింది 1.7 గ్రాములే, కానీ ఊదారంగు రాలేదు.

రంగు రానంత మాత్రాన పని అయిపోలేదు. తడి ఉన్నా, ఎసిటిక్ ఆమ్లం అంటుకుని ఉన్నా ఫెర్రిక్ క్లోరైడ్ పట్టించుకోదు. అది చెప్పేది ద్రవీభవన స్థానం. శుద్ధ ఆస్పిరిన్ సుమారు 135 డిగ్రీల దగ్గర, ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే కరుగుతుంది. మా మొదటి స్ఫటికాలు 127 దగ్గర మొదలై 132 దాకా సాగాయి. శుద్ధి చేసినవి 134 నుంచి 135.

నాకు వింతగా తోచింది ఇదే: శాలిసిలిక్ ఆమ్లం 158 డిగ్రీల పైన కరుగుతుంది. అది కలిస్తే ఆస్పిరిన్ కరిగే వేడి పెరగాలి కదా? పెరగదు, తగ్గుతుంది. కలిసినది ఏదైనా స్ఫటికం అల్లికను సడలిస్తుంది, అందుకే అది ముందే కరగడం మొదలుపెడుతుంది.

ఒక జాగ్రత్త. నెమ్మదిగా చాలాసేపు వేడిచేస్తే ఆస్పిరిన్ కరిగేలోపే విచ్ఛిన్నమై, అంకె తక్కువగా వస్తుంది. అందుకే 120 డిగ్రీల దాకా వేడెక్కాకే కేశనాళికను పెట్టి, అక్కడినుంచి నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున పెంచాలి.

రెండు పరీక్షలూ నెగ్గినా అది సీసాలో ఉండాల్సిందే, నోట్లోకి వెళ్ళకూడదు. మందుగా వాడాలంటే పరీక్షలు ఇంకా చాలా ఉన్నాయి.