పంపాలా, పంపి తీరాలా?

‘ఐ’, ‘వుయ్’ ల తర్వాత షల్, తక్కినవాటికి విల్. మాట యిచ్చేటప్పుడు, ఆజ్ఞాపించేటప్పుడు అది తలక్రిందులు. ఈ సూత్రాన్ని పరీక్ష కోసం కంఠతా పట్టనివారు మనలో తక్కువ. దీన్ని 1653లో జాన్ వాలిస్ అనే గణిత పండితుడు లాటిన్‌లో వ్రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో పెట్టాడు. నాకు మార్కులైతే వచ్చాయి గాని, ఉద్యోగంలో చేరాక ఒక మెయిల్ దగ్గర ఆ సూత్రం కొరగాలేదు.

టోకు మందుల వ్యాపారి ఒకాయనకు మేం లెక్కల సాఫ్ట్‌వేర్ అమర్చాలి. మొత్తం 1,40,000 రూపాయలు. చివరి వాయిదా 35,000. అంతా ఫోనులోనే కుదిరింది. అనుకున్న షరతుల్ని ఖాయపరుస్తూ మెయిల్ వ్రాయటం నా వంతు. మూడు వాక్యాలు వ్రాశాను: ‘యు షుడ్ సెండ్ ది స్టాక్ లిస్ట్ బై టెన్త్ జూన్. వుయ్ విల్ కంప్లీట్ ది వర్క్ బై థర్టియత్ జూన్. ది బ్యాలెన్స్ విల్ బి పెయిడ్ ఆన్ కంప్లీషన్.’

సరుకు జాబితా 24న వచ్చింది. మేం జూలై 14న ముగించాం. ఆయన ఆఖరి వాయిదా ఆపేశారు. “జాబితా పదో తేదీకి పంపితే మంచిదన్నారు, వీలైనప్పుడు పంపాం. ముప్పయ్యికి పూర్తి చేస్తామని మాత్రం మాటిచ్చారు కదండీ!” అన్నారు. మెయిల్ తీసి మళ్ళీ చదివాను. నా రాతను ఆయన చదివిన తీరు సబబే.

తప్పు ఎక్కడ పుట్టిందంటే, తెలుగులో. ‘జాబితా పంపాలి’ అని మనసులో అనుకుని దాన్ని ఇంగ్లీషులోకి దించాను. మన ‘పంపాలి’ షుడ్‌కీ సరిపోతుంది, మస్ట్‌కీ సరిపోతుంది. తేడా గొంతులో వుంటుంది. ఇంగ్లీషులో షుడ్ అంటే ‘పంపితే మంచిది’, మస్ట్ అంటే ‘పంపి తీరాలి’. సాంకేతిక ప్రమాణాలు వ్రాసేవారు దీన్ని ఖాయం చేసి పెట్టారు కూడా. ఇంటర్‌నెట్ నియమాల్లో 1997 నాటి RFC 2119 ప్రకారం మస్ట్, షల్ రెండూ తప్పనిసరి. షుడ్ సిఫారసు మాత్రమే. నేను ఆయన గడువును సిఫారసు చేసి, మా గడువును ‘వుయ్ విల్’ అని వాగ్దానం చేసి కూర్చున్నాను.

పోనీ ‘వుయ్ షల్’ అంటే తప్పించుకునేవాళ్ళమా? అదీ అనుమానమే. బడి సూత్రం ప్రకారం ‘వుయ్ షల్’ ఉత్త భవిష్యత్తు. అగ్రిమెంటు కాగితంలో షల్ అంటే కట్టుబాటు. చదివే మనిషి ఏ బడిలోంచి వచ్చాడో మనకేం తెలుసు? కోర్టులు సైతం ఒక్క మాట పట్టుకుని తేల్చవు. మన్‌బోధన్‌లాల్ శ్రీవాస్తవ కేసులో 1957లో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 320వ అధికరణంలో షల్ అని వున్నా ఆ నిబంధన తప్పనిసరి కాదన్నది. అమెరికాలో 2007లో ఫెడరల్ సివిల్ విధాన నియమాలను తిరగవ్రాసినప్పుడు షల్‌ను తీసేశారు. అందుకని మెయిల్‌లో మా బాధ్యతకు విల్ వాడుతున్నాను. అయితే సంతకాలైన అగ్రిమెంటులో షల్ అని వుంటే అదే షల్ వుంచుతాను; ఒకే బాధ్యతకు రెండు మాటలు వాడితే ఎవరో ఒకరు తేడా వెతుకుతారు.

మరి డబ్బిచ్చే ఆసామికి ‘యు మస్ట్’ అని వ్రాయటమా? మొహంమీద కొట్టినట్లుంటుంది, నిజమే. అప్పుడు ఆ తప్పనిసరిని మనిషి మీద గాక మన తేదీ మీద పెట్టాలి: ‘టు ఫినిష్ బై థర్టియత్ జూన్, వుయ్ మస్ట్ హావ్ ది స్టాక్ లిస్ట్ బై టెన్త్ జూన్. ఇఫ్ ఇట్ కమ్స్ లేటర్, అవర్ డేట్ విల్ మూవ్ బై ది సేమ్ నంబర్ ఆఫ్ డేస్.’ ఇలా వ్రాసి వుంటే 24న వచ్చిన జాబితాకు మా గడువు పధ్నాలుగు రోజులు జరిగి సరిగ్గా జూలై 14 అయ్యేది. మూడో వాక్యం కూడా కుంటిదే. ‘విల్ బి పెయిడ్’ అన్నానే గాని, ఎవరు, ఎన్నాళ్ళలో అనేది చెప్పలేదు. ‘యు విల్ పే ది బ్యాలెన్స్ వితిన్ సెవెన్ డేస్ ఆఫ్ కంప్లీషన్’ అనాల్సింది.

షుడ్‌ను వెలివేయమనటం లేదు. ‘ది ప్రింటర్ షుడ్ అరైవ్ బై ఫ్రైడే’ అంటే శుక్రవారానికి రావచ్చని మా అంచనా. కొరియరువాడి పనికి మేం పూచీపడం. అక్కడ విల్ వ్రాస్తేనే ప్రమాదం.

నాలుగు ఫోన్ల తర్వాత ఆయన 20,000 యిచ్చారు. తక్కింది వదులుకున్నాం. మరుసటి ఏడు రెండో దుకాణానికి పని మళ్ళీ మాకే యిచ్చి, నా మెయిల్ అందగానే ఫోన్ చేశారు: “ఏమయ్యా, ఈసారి జాబితా తేదీ మస్టా, షుడ్డా?”

“మస్టేనండీ” అన్నాను. ఎనిమిదో తేదీకే పంపారు.